కాలనీ గ్రూపు లింకు బయటపడితే: ముందు ఏ పని, తరువాత ఏ పని

ప్రశ్న: మా కాలనీ సంక్షేమ సంఘం వాట్సాప్ గ్రూపులో 312 మంది ఉన్నాం. నేను అడ్మిన్‌ని. వినాయక చవితి కరపత్రం మీద గ్రూపు లింకు, క్యూఆర్ కోడ్ అచ్చు వేయించాం. ఒకరు దాన్ని ఫేస్‌బుక్‌లో కూడా పెట్టారు. ఇప్పుడు తెలియని నంబర్లు వరుసగా చేరుతున్నాయి. వాటిలో ఒక నంబరు నుంచి ముగ్గురు ఆడవాళ్లకు విడిగా సందేశాలు వచ్చాయి. లింకు రీసెట్ చేస్తే ఇప్పటికే చేరినవాళ్లు పోతారా? అసలు ఎన్నాళ్లకోసారి మార్చాలి? లింకు బయట పెట్టడమే తప్పా?

జవాబు:

పోరు. రీసెట్ చేస్తే పాత లింకు పనిచేయడం మానేస్తుంది, అంతే. ఇప్పటికే లోపల ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా దానివల్ల బయటికి వెళ్లరు. ఇంటి తాళం మార్చినంత మాత్రాన లోపల కూర్చున్న మనిషి లేచి వెళ్లిపోడు కదా, ఇదీ అలాంటిదే. వాళ్లను మీరే ఒక్కొక్కరిగా తీసేయాలి. అయినా రీసెట్టే ముందు చేయాలి. ఈ జవాబు పూర్తిగా చదవకముందే ఆ పని చేసి రండి.

గ్రూపు పేరు మీద నొక్కితే వచ్చే పేజీలో "Invite via link" అని ఉంటుంది. వెర్షన్‌ను బట్టి ఈ మాట కాస్త మారవచ్చు. దాన్ని తెరిస్తే అడుగున "Reset link" కనిపిస్తుంది. నొక్కండి, నిర్ధారించండి. ఆ క్షణం నుంచి కరపత్రం మీది లింకు, క్యూఆర్ కోడ్, ఫేస్‌బుక్‌లోని లింకు అన్నీ ఒకేసారి పనికిరాకుండా పోతాయి. క్యూఆర్ కోడ్ వేరే తాళంచెవి అని చాలామంది అనుకుంటారు. అది అదే లింకును చుక్కలుగా గీసిన బొమ్మ, లింకు పోతే బొమ్మా పోతుంది. మారిందో లేదో పరీక్షించడానికి గ్రూపులో లేని ఒకరి ఫోనులో పాత లింకును నొక్కించండి. లింకు రీసెట్ అయింది, చేరలేరు అన్న సందేశం రావాలి. మీ ఫోనులో నొక్కి చూసి లాభం లేదు, మీరు ముందే సభ్యులు కాబట్టి.

రీసెట్ ముందు, తొలగింపు తరువాత అని ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవమే కారణం. విజయవాడలో మేమున్న అపార్ట్‌మెంట్ల సముదాయానికి తొమ్మిదేళ్లుగా గ్రూపులు చూస్తున్నాను. ఒకసారి మా సభ్యుడొకరు తన ఫ్లాట్ అద్దెకు ఇవ్వాలని ఒక ప్రకటన పెట్టి, "వివరాలకు ఈ గ్రూపులో చేరండి" అంటూ మా గ్రూపు లింకు కింద ఇచ్చారు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఆ ప్రకటన వేలమంది ఉన్న పేజీలో పడింది. రెండో రోజు రాత్రి నేను చూసేసరికి 11 కొత్త నంబర్లు ఉన్నాయి. కంగారులో ముందు ఆ పదకొండుమందినీ తీసేసి నిద్రపోయాను. లింకు సంగతి నాకు తట్టనే లేదు. తెల్లారేసరికి మరో తొమ్మిది మంది ఉన్నారు. అందులో ఇద్దరి ప్రొఫైల్ ఫొటోలు, పేర్లు రాత్రి నేను తీసేసినవాళ్లవే, నంబర్లు మాత్రం వేరు. తీసేయడం వల్ల వాళ్లకు మేము మేల్కొన్నామని తెలిసింది, తలుపు మాత్రం తెరిచే ఉంది. ఆ ఒక్క రాత్రిలో వాళ్లు సభ్యుల జాబితా మొత్తం చూసుకున్నారని తరువాతి వారం మాకు వచ్చిన ఫోన్లను బట్టి అర్థమైంది.

రీసెట్ అయ్యాక గ్రూపు పేజీలోనే "Group permissions" తెరవండి. అక్కడ "Approve new members" అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. 2023 నుంచి వాట్సాప్‌లో ఈ సదుపాయం ఉంది. ఇది ఆన్‌లో ఉంటే లింకు నొక్కినవారు నేరుగా లోపలికి రారు, చేరతామని విన్నపం పంపుతారు, అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరతారు. అక్కడే సభ్యులు ఇతరులను చేర్చే అనుమతి ఉంటుంది, దాన్ని ఆపండి. సందేశాలు పంపే అనుమతిని కూడా రెండు మూడు రోజులపాటు అడ్మిన్లకు మాత్రమే ఉంచండి. కాలనీవాళ్లు కాస్త విసుక్కుంటారు. కానీ ఏరివేత జరుగుతున్నంతసేపూ ఎవరో ఒకరు "మేము శుక్రవారం తిరుపతి వెళ్తున్నాం, పాలవాడికి చెప్పండి" అని అందులో రాస్తూ ఉంటే, మీరు ఎవరినుంచి కాపాడాలనుకుంటున్నారో వాళ్లే అది చదువుతారు.

మీ గ్రూపులో మరో అడ్మిన్ ఉంటే ఈ మార్పులు చేసిన వెంటనే ఆయనకు ఫోన్ చేసి చెప్పండి. అడ్మిన్లందరికీ కొత్త లింకు కనిపిస్తుంది. సంగతి తెలియని అడ్మిన్ ఎవరైనా "పాత లింకు పనిచేయడం లేదండీ" అని ఎవరో అడగగానే కొత్తదాన్ని అదే ఫేస్‌బుక్ పోస్టు కింద పెడితే కథ మొదటికి వస్తుంది. నేను చూసిన గ్రూపుల్లో రీసెట్ విఫలమైన సందర్భాలు దాదాపు అన్నీ ఇలాగే జరిగాయి.

ఇప్పుడు తొలగించే ముందు చేయాల్సిన రెండు పనులున్నాయి. చాలామంది వీటిని వదిలేస్తారు. మొదటిది ఆధారాలు. ఆ ముగ్గురు మహిళలకు సందేశాలు పంపిన నంబరును తీసేయకముందే, సభ్యుల జాబితాలో ఆ నంబరు కనిపించే తెర, గ్రూపు లింకు ద్వారా చేరినట్టు చాట్‌లో తేదీతో వచ్చిన సూచన, ఆ మహిళలకు వచ్చిన సందేశాలు మూడింటినీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. గ్రూపు నుంచి వెళ్లిపోయినవారు, తీసేసినవారు 60 రోజులపాటు మాజీ సభ్యుల జాబితాలో కనిపిస్తారు. కానీ ఫిర్యాదు అవసరమైతే ఆ జాబితాకంటే చాట్‌లోని క్రమమే ఎక్కువ పనికొస్తుంది. ఆ మహిళలను ఆ నంబరును రిపోర్ట్ చేసి బ్లాక్ చేయమనండి. అయితే స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే చేయమనండి.

రెండోది సందేశాల తుడిపివేత. ఈ మధ్య గ్రూపులో ఎవరైనా ఇంటి తాళాల సంగతి, ఆధార్ ఫొటో, వాచ్‌మన్ రాని రోజులు, పిల్లల స్కూలు బస్సు వేళలు లాంటివి పెట్టి ఉంటే, అడ్మిన్‌గా మీరు వాటిని అందరికీ తుడిచేయవచ్చు. దానికి గడువు రెండున్నర రోజులు మాత్రమే. అంతకంటే పాతవి మీ చేతిలో లేవు. ఇక్కడ క్రమం ముఖ్యం. ఒక వ్యక్తిని తీసేశాక గ్రూపు నుంచి అతనికి ఇంకేమీ చేరదు, తుడిచేశాం అన్న సమాచారం కూడా చేరదు. తీసేసినా అప్పటిదాకా వచ్చిన సందేశాలు అతని ఫోనులో అలాగే ఉంటాయి. అందుకని అతను లోపల ఉన్నప్పుడే తుడవాలి, ఆ తరువాత తీసేయాలి. అప్పటికే చూసి ఫొటో తీసుకున్నది మాత్రం వెనక్కి రాదు.

ఇక ఎవరు మనవాళ్లు, ఎవరు కాదు అన్నది. 312 నంబర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ అన్నీ చూడక్కర్లేదు. కరపత్రం పంచిన రోజు నుంచి చాట్‌ను పైకి జరుపుతూ, లింకు ద్వారా చేరినట్టు సూచన ఉన్న నంబర్లను మాత్రం కాగితం మీద రాసుకోండి. మీరు గాని మరో అడ్మిన్ గాని చేతితో చేర్చినవారికి వేరే సూచన ఉంటుంది, వాళ్లను వదిలేయవచ్చు. మీ ఫోనులో సేవ్ కాని నంబర్ల పక్కన వచ్చే పేరుకు ముందు ~ గుర్తు ఉంటుంది. ఆ పేరు వాళ్లు స్వయంగా పెట్టుకున్నది, దాన్ని నమ్మి ఎవరినీ ఉంచకండి. ఎవరైనా తమకు "సుబ్బారావు, బి బ్లాక్" అని పేరు పెట్టుకోవచ్చు.

నేనైతే ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. మా గ్రూపులో "అందరూ తమ పేరు, ఫ్లాట్ నంబరు ఇక్కడ రాయండి, రాయనివారిని తీసేస్తాం" అని ప్రకటించాను. గంటలో వంద మంది రాశారు. ఆ వంద ఫ్లాట్లలో ఎవరు ఉంటున్నారో, వాళ్ల ఫోన్ నంబరేమిటో లోపలున్న అపరిచితులకు నేనే జాబితా కట్టి ఇచ్చినట్టయింది. పైగా ఇద్దరు అపరిచితులు ఆ వరుస చూసి ఖాళీగా ఉన్న ఫ్లాట్ నంబర్లు తామూ రాసేశారు. కాబట్టి వివరాలు గ్రూపులో అడగవద్దు. మీరు రాసుకున్న అనుమానపు నంబర్లకు మాత్రం విడిగా సందేశం పంపండి: ఇంటి నంబరు, యజమానా అద్దెవారా, పక్కింటివారి పేరు. వచ్చిన జవాబును సంఘం రిజిస్టరుతో పోల్చండి. రిజిస్టరులో లేని అద్దెవారైతే ఇంటి యజమానికి ఒక ఫోన్ చేయండి. ఒకటి రెండు రోజుల్లో జవాబు రానివారిని తీసేయండి. నిజంగా కాలనీవారే అయితే మళ్లీ వచ్చి అడుగుతారు, క్షమాపణ చెప్పి చేర్చుకోవచ్చు.

విదేశీ కోడ్ ఉన్న నంబర్లన్నీ తీసేయమని మీకు చాలామంది సలహా ఇస్తారు. ఆ తొందర వద్దు. మన కాలనీల్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల పిల్లలు అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో +1, +61 నంబర్లతో గ్రూపులో ఉంటారు. అమ్మకు ఒంట్లో బాగాలేదని పక్కింటివారు రాస్తే ముందుగా చదివేది వాళ్లే. వాళ్లను తీసేయడం నిజమైన నష్టం. కోడ్ చూసి అనుమానించవచ్చు, అడగకుండా తీసేయకూడదు.

ఇంతకీ ఒక లింకు ఇంత పని ఎలా చేసింది? వాట్సాప్ గ్రూపు లింకులో chat.whatsapp.com/ తరువాత అంకెలు, పెద్ద చిన్న ఇంగ్లీషు అక్షరాలు కలిసిన 22 గుర్తుల వరుస ఉంటుంది. దాన్ని ఊహించి కనిపెట్టడం ఏ కంప్యూటర్‌కూ సాధ్యం కాదు. ఆ వైపు నుంచి తాళం గట్టిది. కానీ ఆ వరుస చేతిలో ఉన్నవారెవరో వాట్సాప్ అడగదు. బస్సు టికెట్ లాగా, ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. పైగా వాట్సాప్ గ్రూపు లింకుకు దానంతట అది ముగిసే గడువు లేదు. ఈ చవితికి వేసిన లింకు మీరు మార్చకపోతే వచ్చే చవితికీ తెరుచుకుంటుంది. చేరకుండానే, ఉత్త బ్రౌజర్‌లో తెరిచినా గ్రూపు పేరు, బొమ్మ కనిపిస్తాయి. అందుకే గ్రూపు పేరులో ఊరు, కాలనీ, బ్లాకు అన్నీ గుదిగుచ్చి పెట్టడం నాకు నచ్చదు. బొమ్మగా కాలనీ ముఖద్వారం ఫొటో పెట్టడమూ అంతే.

చేరాక కనిపించేది ఇంకా పెద్దది: సభ్యులందరి ఫోన్ నంబర్లు. పాత సందేశాలు మామూలుగా కొత్తవారికి కనిపించవు కాబట్టి ప్రమాదం లేదని కొందరు అంటారు. ఇలాంటి పనికి చేరేవాళ్లకు పాత కబుర్లతో పనిలేదు. నంబర్ల జాబితా కావాలి, ఆ నంబర్ల వెనుక ఉన్న మనుషుల్ని కలిపే ఒక నమ్మకం కావాలి. ఈ రెండూ కాలనీ గ్రూపులో ఒకేచోట దొరుకుతాయి.

బయట పెట్టిన లింకు ఎంతదూరం పోతుందో 2020 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. డాయిష్ వెల్లే అనే జర్మన్ ప్రసార సంస్థలో పనిచేసే జర్నలిస్టు జోర్డన్ వైల్డన్, వాట్సాప్ గ్రూపు లింకులు గూగుల్ శోధనలో దొరుకుతున్నాయని బయటపెట్టారు. యాప్‌ల లోతులు పరిశోధించే జేన్ మంచున్ వాంగ్, chat.whatsapp.com అని వెతికితే దాదాపు 4,70,000 ఫలితాలు వస్తున్నాయని చూపించారు. అవి దొంగిలించినవి కావు. ఎవరో ఒకరు ఎక్కడో ఒక బహిరంగ పేజీలో పెట్టినవే. గూగుల్ బహిరంగ పేజీలన్నింటినీ చదువుతుంది, వీటినీ చదివింది. ఆ తరువాత వాట్సాప్ తన లింకు పేజీలను శోధనలో చేర్చవద్దనే గుర్తు పెట్టింది. అయినా 2021 జనవరిలో మన దేశానికి చెందిన పరిశోధకుడు రాజశేఖర్ రాజహరియా మళ్లీ కొన్ని లింకులు శోధనలో కనిపిస్తున్నాయని చెప్పారు. గూగుల్ నుంచి తీసేసినా, గ్రూపు లింకులను పోగుచేసి వరుసగా పేర్చే సైట్లు వేరే ఉన్నాయి. వాటికి ఆ గుర్తు పట్టదు. అందుకే ఫేస్‌బుక్ పోస్టు తీసేయించినంత మాత్రాన మీ పని పూర్తి కాదు. ఎవరైనా కాపీ చేసుకుని ఉంటే మీకు తెలిసే దారి లేదు. ఆ కాపీలన్నింటినీ ఒకేసారి పనికిరాకుండా చేసేది రీసెట్ ఒక్కటే. పోస్టు కూడా తీసేయించండి, కానీ దాని కోసం రీసెట్‌ను ఆపకండి.

గ్రూపు నుంచి తీసుకున్న నంబర్లతో జరిగే మోసాల్లో నేను దగ్గరగా చూసింది ఒకటి చెబుతాను, ఎందుకంటే మీ సభ్యులకు మీరు వివరంగా చెప్పాల్సింది అదే. మా సముదాయంలో ఒక రిటైర్డ్ టీచరమ్మకు మా కార్యదర్శి ఫొటో ఉన్న నంబరు నుంచి సందేశం వచ్చింది. "అమ్మా, కొత్త గ్రూపు చేస్తున్నాం, మీకు ఆరు అంకెల కోడ్ వస్తుంది, పంపండి" అని. ఆ కోడ్ ఆమె వాట్సాప్ ఖాతాను మరో ఫోనులో తెరవడానికి వచ్చే ధృవీకరణ సంఖ్య. ఆమె పంపేశారు. పది నిమిషాల్లో ఆమె ఖాతా ఆమె చేతిలో లేదు. ఆ ఖాతా నుంచి మా గ్రూపులో అందరికీ "అత్యవసరం, ఆసుపత్రిలో ఉన్నాను, పదివేలు పంపండి" అని సందేశాలు వెళ్లాయి. అపరిచితుడి నంబరు నుంచి వస్తే ఎవరూ కదలరు. టీచరమ్మ పేరు మీద వచ్చేసరికి ఇద్దరు పంపారు. మోసగాడు గ్రూపులో ఉన్నది రెండే రోజులు. మేము తీసేసి వారం దాటాక ఇది జరిగింది. అంటే మీరు ఈ రోజు అందరినీ ఏరివేసినా, వచ్చే కొన్ని వారాలు జాగ్రత్తగా ఉండాల్సినవే.

కాబట్టి ఏరివేత పూర్తయ్యాక, సందేశాల అనుమతి తిరిగి తెరిచే ముందు, గ్రూపులో ఒక సూటి ప్రకటన పెట్టండి. లింకు బయటపడిందని, కొందరు అపరిచితులు ఇన్ని రోజులు లోపల ఉన్నారని, మీ నంబర్లు వాళ్లు చూసి ఉండవచ్చని దాచకుండా చెప్పండి. ఆరు అంకెల కోడ్ ఎవరు అడిగినా ఇవ్వవద్దని, సంఘం పేరుతో డబ్బు అడిగితే ముందు ఫోన్ చేసి గొంతు వినమని రాయండి. వాట్సాప్ సెట్టింగుల్లో "Two-step verification" ఆన్ చేసి సొంత పిన్ పెట్టుకోమనండి. పిన్ ఉంటే కోడ్ ఒక్కటి చేతికి చిక్కినా ఖాతా తెరుచుకోదు. పెద్దవాళ్లకు ఇది మీరో, కాలనీ కుర్రవాళ్లో ఇంటికి వెళ్లి చేసిపెట్టడం మంచిది. ప్రకటన చదివి చేసుకునేవారు తక్కువ. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. ఆ ముగ్గురు మహిళలకు వచ్చిన సందేశాలు వేధింపులైతే అదే వెబ్‌సైటులో మహిళలపై నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. మీరు తీసి ఉంచిన స్క్రీన్‌షాట్లు అక్కడ కావాలి.

ఎన్నాళ్లకోసారి మార్చాలన్న ప్రశ్నకు నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. క్యాలెండర్ చూసి మార్చడం వల్ల పెద్ద లాభం లేదు. నెలకోసారి ఒకటో తేదీన మారుస్తామని నియమం పెట్టుకున్న సంఘాలను చూశాను. రెండో తేదీన లింకు బయటపడితే అది దాదాపు నెలంతా తెరిచే ఉంటుంది. లింకును సంఘటనను బట్టి మార్చాలి. చేర్పుల పని ముగియగానే మార్చాలి, అంటే చవితి కరపత్రం పంచాక వారంలో చేరాల్సినవారు చేరిపోతారు, ఎనిమిదో రోజు పాత లింకుతో మీకు పనిలేదు. అడ్మిన్ మారినప్పుడు మార్చాలి. ముఖ్యంగా మనస్పర్థతో ఒక అడ్మిన్ తప్పుకుంటే అదే రోజు మార్చాలి, ఆయన ఫోనులో లింకు ఉంటుంది. ఒక సభ్యుణ్ణి తగవుతో తీసేయాల్సి వస్తే ఆ వెంటనే మార్చాలి, లేకపోతే వేరే నంబరుతో వస్తారు. లింకు మీరు పంపని చోట ఎక్కడ కనిపించినా, ఒక్క అపరిచితుడు చేరినా, కారణం తేలేదాకా ఆగకుండా మార్చాలి. రీసెట్‌కు ఖర్చు లేదు, లెక్క కట్టరు, రోజుకు రెండుసార్లు చేసినా గ్రూపుకు నష్టం లేదు. ఉన్న ఒకే ఒక్క ఇబ్బంది, న్యాయంగా చేరాల్సినవారి దగ్గర ఉన్నది కూడా పాతబడిపోవడం. ఎందుకంటే వాట్సాప్‌లో గ్రూపుకు ఒకటే లింకు.

అందుకే ఒక్కరు కొత్తగా వస్తే లింకు వాడనే వద్దు. నంబరు తీసుకుని నేరుగా చేర్చండి. వాళ్ల గోప్యత సెట్టింగులు ఒప్పుకోకపోతే వాట్సాప్ వాళ్లకు విడిగా ఆహ్వానం పంపే అవకాశం ఇస్తుంది. అది ఆ వ్యక్తికే, మూడు రోజుల్లో దానంతటదే చెల్లకుండా పోతుంది. కాలనీకి నెలకు ఇద్దరో ముగ్గురో కొత్తవారు వస్తారు. అంతమాత్రానికి సాధారణ లింకు ఎక్కడా తిరగాల్సిన అవసరం నాకు కనిపించదు.

బయట పెట్టడమే తప్పా అని అడిగారు. సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించే గ్రూపు లింకును బహిరంగంగా పెట్టడం తప్పే అని నేను నిష్కర్షగా అంటాను. ఆమోదం ఆన్‌లో ఉన్నా సరే. ఎందుకంటే విన్నపంలో మీకు కనిపించేది ఒక నంబరు, ఒక ప్రొఫైల్ పేరు, అంతే. పండుగ హడావిడిలో నలుగురు అడ్మిన్లలో ఒకరు వరుసగా ఒప్పుకుంటూ పోతే ఆమోదం ఉన్నా లేనట్టే. ఆమోదం ఒక కాపలా, అది కాగితం మీద అచ్చేసిన తాళంచెవికి బదులు కాదు.

జనానికి కరపత్రం మీద చేరే దారి ఒకటి కావాలి నిజమే. దానికి రెండు పద్ధతులు నాకు బాగా పనిచేశాయి. ఒకటి, గ్రూపు లింకుకు బదులు ఒక మనిషిని ఇవ్వడం. సంఘం కోసం తీసుకున్న ఒక సిమ్ నంబరుతో ఇలా రాస్తే, నొక్కినవారికి ఆ నంబరుతో చాట్ తెరుచుకుంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX
```

X ల చోట పది అంకెల నంబరు. దీన్ని క్యూఆర్ కోడ్‌గానూ వేయవచ్చు. ఇంటి నంబరు అడిగి, చూసి, మీరే చేర్చుకుంటారు. బయటపడేది 312 మంది నంబర్లకు బదులు సంఘం నంబరు ఒక్కటే. రెండోది, పండుగ కార్యక్రమాల వివరాల కోసం ఒక వాట్సాప్ ఛానల్ పెట్టడం. ఛానల్‌లో అనుచరుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. నిమజ్జనం ఏ దారిన వెళ్తుంది, అన్నదానం ఎన్ని గంటలకు అన్నవి పక్క కాలనీవారికి తెలిసినా నష్టం లేదు. ఆ లింకును ఎక్కడైనా పెట్టండి. వాచ్‌మన్ సెలవులు, నీటి ట్యాంకర్ గొడవలు, ఎవరింట్లో ఎవరు లేరు అన్నవి మాత్రం మూసిన గ్రూపులోనే ఉండాలి.

మీ కాలనీ కుర్రవాళ్లు టెలిగ్రామ్‌కు మారదామంటే, లింకుల విషయంలో అది మెరుగే. 2021 నుంచి అక్కడ ఒకే గ్రూపుకు చాలా లింకులు చేయవచ్చు. ఒక్కో లింకుకు ఒక గంట, ఒక రోజు, ఒక వారం లాంటి గడువు పెట్టవచ్చు, ఎంతమంది చేరవచ్చో పరిమితి పెట్టవచ్చు, ఆమోదం కోరవచ్చు. కరపత్రానికి ఒక లింకు, బ్లాకుకో లింకు చేసి పేర్లు పెట్టుకుంటే, ఏ లింకు ద్వారా ఎవరు వచ్చారో కనిపిస్తుంది. కరపత్రం లింకు పాడైతే దాన్ని ఒక్కదాన్నే రద్దు చేసుకోవచ్చు. అయితే గ్రూపును యూజర్‌నేమ్ ఉన్న బహిరంగ గ్రూపుగా మారిస్తే ఇవన్నీ వృథా. ఎవరైనా వెతికి చేరతారు, పాత సందేశాలన్నీ చదువుతారు. మన పెద్దవాళ్లు వాట్సాప్ దాటి రారు కాబట్టి మా సముదాయంలో ఈ మార్పు కుదరలేదు. మీ సంగతి మీకే తెలుస్తుంది.

మిగిలిపోయిన కరపత్రాల సంగతి ఒకటుంది. వాటిమీద పాత క్యూఆర్ కోడ్ పైన సంఘం నంబరు కోడ్ అచ్చేసిన చిన్న స్టిక్కరు అంటించండి. ఇప్పటికే ఇళ్లకు చేరినవాటిని వదిలేయండి. అది స్కాన్ చేసినవారికి ఇక చేరలేమని మాత్రమే కనిపిస్తుంది. నిజంగా కాలనీవారైతే అధ్యక్షుడి ఇంటి తలుపు తట్టి అడుగుతారు. అలా అడిగినవారి పేరు, ఇంటి నంబరు అక్కడే రిజిస్టరులో రాసుకుని, వాళ్ల ముందే ఫోను తీసి చేర్చేయండి.